‘సరే’ అంటే సరిపోయేలా అడగాలి

‘గౌరవనీయులైన సార్, మీరు కుశలమని తలుస్తాను. కింది మెయిల్ విషయమై జెంటిల్ రిమైండర్. కోల్డ్ రూమ్ ఏఎంసీ గడువు దగ్గర పడుతోంది. వెండర్ల కొటేషన్లు, పోలిక పట్టిక, డ్రాఫ్ట్ అగ్రిమెంట్ జతచేశాం. లీగల్, ఫైనాన్స్ వారి కామెంట్లు కింది మెయిళ్లలో ఉన్నాయి. దయచేసి పరిశీలించి తమ నిర్ణయాన్ని వీలైనంత త్వరగా తెలియజేయగలరు.’

మందులు నిల్వచేసే ఒక కంపెనీలో కొనుగోళ్లు చూసే మేనేజర్ తన ఆపరేషన్స్ డైరెక్టర్‌కి ఇలా రాశాడనుకుందాం. మార్చి 18వ తేదీ. కోల్డ్ రూముల వార్షిక నిర్వహణ ఒప్పందం మార్చి 31తో ముగిసిపోతుంది. ఆఫీసు ఉద్యోగం చేసేవాళ్లెవరికీ ఈ మెయిల్ ధోరణి కొత్త కాదు. మర్యాదకు లోటు లేదు. కాగితాలన్నీ జతపడ్డాయి. అయినా జవాబు రాదు. నాలుగు రోజులాగి ఇంకో రిమైండర్, ఆ తర్వాత వాట్సాప్‌లో ‘సార్, మెయిల్ చూశారా?’, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే పీఏకి ఫోన్. ఈలోగా డైరెక్టర్ గారికి ఈ పనంటే లెక్కలేదని సీట్ల మధ్య గుసగుసలు మొదలవుతాయి.

డైరెక్టర్ ఆ మెయిల్ చూడకపోలేదు. ఒక మీటింగ్ నుంచి ఇంకో మీటింగ్‌కి వెళ్తూ ఫోన్‌లో తెరిచాడు. తననేం అడుగుతున్నారో అర్థం కాలేదు. పాత ఒప్పందాన్నే పొడిగించమంటున్నారా? ఇద్దరు వెండర్లలో ఒకరిని ఎంచుకోమంటున్నారా? అగ్రిమెంట్ మీద సంతకం పెట్టమంటున్నారా? తేల్చుకోవాలంటే మూడు అటాచ్‌మెంట్లు తెరవాలి. అందులో ఒకటి ఫోన్ తెర మీద అటూ ఇటూ జరిపితే తప్ప కనిపించని ఎక్సెల్ పట్టిక. దాని కింద లీగల్ వాళ్లకూ ఫైనాన్స్ వాళ్లకూ మధ్య నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు. ‘సాయంత్రం తీరిగ్గా చూద్దాం’ అనుకుని పక్కన పెట్టేశాడు. సాయంత్రానికి దాని మీద మరిన్ని మెయిళ్లు పేరుకున్నాయి.

ఆలస్యానికి మూలం ఇక్కడే ఉంది. మేనేజర్ తాను ఆమోదం అడిగాననుకున్నాడు. నిజానికి అతను అప్పగించింది అరగంట చదువు. వెండర్లను పోల్చడం, ఫైనాన్స్ అభ్యంతరం తీరిందో లేదో చూడటం, గడువు దాటితే ఏమవుతుందో ఊహించడం, ఇవన్నీ మేనేజర్ తలలో అప్పటికే పూర్తయిన పనులు. వాటి ఫలితం మాత్రం కాగితం మీదికి రాలేదు. అందుకే పైవాడు అదంతా మళ్లీ మొదటినుంచి చేయాల్సి వచ్చింది.

అదే మెయిల్‌ను అదే మేనేజర్ ఇలా రాయొచ్చు.

‘విషయం: 25వ తేదీలోగా మీ ఆమోదం కావాలి – కోల్డ్ రూమ్ ఏఎంసీ, రూ.18.14 లక్షలు

సార్, కోల్డ్ రూమ్ ఏఎంసీని ఏప్రిల్ 1 నుంచి ఏడాదిపాటు ఇప్పుడున్న సంస్థకే, జీఎస్టీ కాక రూ.18,14,400కి ఇవ్వడానికి మీ ఆమోదం కోరుతున్నాను.

ఇది నిరుటి కంటే 8 శాతం ఎక్కువ, కానీ మన రూ.19 లక్షల బడ్జెట్‌లోనే ఉంది. ఇంకో సంస్థ రూ.54,400 తక్కువకే చేస్తానంది. కాకపోతే ఫిర్యాదు చేశాక వాళ్లు రావడానికి 24 గంటల సమయం అడుగుతున్నారు. ఇప్పటివాళ్లు 4 గంటల్లో వస్తామని రాసిస్తున్నారు. ఫైనాన్స్, లీగల్ నిన్న క్లియర్ చేశాయి.

25లోగా ఆమోదం వస్తే 31లోపు అగ్రిమెంట్ పూర్తవుతుంది. దాటితే ఏప్రిల్ 1 నుంచి ఏ ఒప్పందమూ లేకుండా ఉంటాం. మెకానిక్ వచ్చిన ప్రతిసారీ విడిగా చార్జీ కట్టాలి, ఎన్ని గంటల్లో వస్తారన్న హామీ ఉండదు.

‘ఆమోదం’, ‘వద్దు’, ‘మాట్లాడదాం’ – ఏదో ఒకటి రాస్తే చాలు. కాగితాలు కావాలంటే జతచేశాను, నిర్ణయానికి అవి తెరవాల్సిన అవసరం లేదు.’

మొదటి దానికంటే ఇది పొడవైన మెయిల్. గమనించాల్సిన సంగతి అదే. పైవాడి జవాబు ఒక్క లైన్లో రావాలంటే మెయిల్ కూడా ఒక్క లైన్లో ఉండాలని చాలామంది పొరబడతారు. అలా అనుకుని ‘సార్, ఏఎంసీకి ఓకేనా?’ అని వాట్సాప్‌లో పెడతారు. దానికి వచ్చేది జవాబు కాదు, ‘ఏ ఏఎంసీ? ఎంత?’ అన్న ఎదురు ప్రశ్న. తగ్గించాల్సింది అక్షరాలను కాదు, చదివేవాడు ఆ మెయిల్ వదిలి ఇంకో చోటికి వెళ్లి వెతుక్కోవాల్సిన పనిని.

కొత్త మెయిల్లో ఒక్కో మాటకీ ఒక్కో పని ఉంది. విషయం లైన్లో తేదీ, కావాల్సిన చర్య, మొత్తం ఉన్నాయి. లాక్ అయిన ఫోన్ మీద నోటిఫికేషన్‌గా కనిపించేది ఆ కాస్తే. అక్కడ ‘రిమైండర్’ అన్న మాట చోటు తింటే అడిగినదేమిటో తెలియకుండానే వేలు దాన్ని పక్కకు తోసేస్తుంది. మొదటి వాక్యంలో ఎవరికి, ఎంతకి, ఎప్పటినుంచి, ఎన్నాళ్లకి అన్న నాలుగూ ఉన్నాయి. కాబట్టి దాని కింద ‘ఆమోదం’ అని ఒక్క మాట పడితే ఆ మాటకు పూర్తి అర్థం వస్తుంది. ఆరు నెలల తర్వాత ఆడిటర్ ‘దీనికి అనుమతి ఎక్కడ?’ అని అడిగితే, ఆ ఒక్క మెయిల్ తీసి చూపిస్తే సరిపోతుంది.

తక్కువ ధర చెప్పిన రెండో సంస్థ సంగతి దాచకపోవడం ఇందులో అన్నింటికంటే ముఖ్యం. ‘ఎక్కువ చెప్పినవాళ్లకి ఎందుకిస్తున్నారు?’ అని పై అధికారి తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంటుంది. దాన్ని ముందే ఊహించి మెయిల్లోనే జవాబిస్తే ఆ మెయిల్ వెనక్కి తిరిగి రాదు. దాచిపెట్టి ‘సరే’ అనిపించుకుంటే ఆ సంగతి ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. ఆ తర్వాత ఆ మేనేజర్ పంపే ప్రతి కాగితాన్నీ డైరెక్టర్ ఆసాంతం చదవడం మొదలుపెడతాడు. ఒక్క లైన్ జవాబు నమ్మకం ఉన్నచోటే వస్తుంది.

పైవాళ్ల తీరికలేని తనానికి లొంగకుండా, వాళ్లు వెంటనే స్పందించేలా రాసిన ఒక ఉత్తరం చరిత్రలో ప్రసిద్ధం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ల ఎనిగ్మా రహస్య సందేశాలను ఛేదిస్తున్న బ్రిటన్ కేంద్రం బ్లెచ్లీ పార్క్‌లో సిబ్బంది కొరత తీవ్రంగా ఉండేది. మామూలు దారిలో ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా పని కాలేదు. 1941 అక్టోబర్ 21న ఆలన్ ట్యూరింగ్, గోర్డన్ వెల్చ్‌మన్, హ్యూ అలెగ్జాండర్, స్టువర్ట్ మిల్నర్-బారీ అనే నలుగురూ కలిసి నేరుగా ప్రధాని విన్‌స్టన్ చర్చిల్‌కే ఉత్తరం రాశారు. మిల్నర్-బారీ స్వయంగా లండన్ వెళ్లి ప్రధాని కార్యాలయంలో దాన్ని అందజేశాడు.

ఆ ఉత్తరంలో ‘మాకు చాలా ఇబ్బందిగా ఉంది, దయచేసి పరిశీలించండి’ అన్న ధోరణి లేదు. మనుషులు చాలక ఫలానా విభాగంలో రాత్రి షిఫ్టు ఆగిపోయింది, దానివల్ల నౌకాదళ సంకేతాల తాళాలు దొరకడం రోజుకు కనీసం పన్నెండు గంటలు ఆలస్యమవుతోంది, మళ్లీ రాత్రి షిఫ్టు నడవాలంటే దాదాపు ఇరవై మంది మహిళా గుమాస్తాలు కావాలి, వాళ్లకు శిక్షణ లేకపోయినా ఫర్వాలేదు అని రాశారు. ఏం ఆగిపోయింది, రోజుకు ఎంత నష్టం, ఏమిస్తే తీరుతుంది అన్నవి ఒకదాని వెంట ఒకటి ఉన్నాయి. యుద్ధం నడుపుతున్న ప్రధానికి సంకేత లిపి గురించి పాఠం చెప్పలేదు. ఆయన చేయగలిగిన పని ఏమిటో చెప్పారు. చర్చిల్ మర్నాడే తన సైనిక సహాయకుడు జనరల్ ఇస్మేకి, వాళ్లు అడిగినవన్నీ అత్యంత ప్రాధాన్యంతో అందేలా చూసి, అందాయని తనకు తెలియజేయమని ఆదేశించాడు. దాని మీద ‘ఈ రోజే చర్య’ అని తన ప్రత్యేక గుర్తు కూడా వేయించాడు. ఆ ఆదేశం ఒక్క వాక్యమే.

జవాబు ఎలా ఇవ్వాలో కూడా అడిగేవాళ్లే రాసిపెట్టడం పెద్ద కార్యాలయాల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అమెరికా అధ్యక్షుడిగా ఉన్నప్పుడు బరాక్ ఒబామాకి వెళ్లే నిర్ణయ పత్రాల చివర మూడు గడులుండేవి. ఒప్పుకుంటున్నా, ఒప్పుకోను, చర్చిద్దాం అని. మన ప్రభుత్వ ఫైళ్లలోనూ ఇది ఉంది. నోట్‌ఫైల్లో పేరాలకు నంబర్లు వేసి, చివర ‘పేరా 7లోని ప్రతిపాదన ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది’ అని పెడతారు. పై అధికారి ‘పేరా 7 ఆమోదించడమైనది’ అనో, ‘చర్చించండి’ అనో రాసి సంతకం పెడితే ఫైలు కదులుతుంది. సెక్షన్‌లో పనిచేసిన పాతతరం వాళ్లకు చేతి మీద ఉన్న ఈ పద్ధతిని, మెయిళ్లు వచ్చాక ప్రైవేటు ఆఫీసులు ‘తగు నిర్ణయం తెలియజేయగలరు’ అన్న ముగింపుతో పోగొట్టుకున్నాయి.

ఈ మూడింట్లోనూ ‘మాట్లాడదాం’ అన్న మూడో దారి ఉండటం గమనించాలి. అవును, కాదు అన్న రెండే ఇస్తే, ఎటూ తేల్చుకోలేని అధికారి ఏదీ రాయడు. మౌనం వస్తుంది. ‘మాట్లాడదాం’ అని రాసే వీలుంటే కనీసం ఆ రోజే పది నిమిషాల ఫోన్ కాల్ ఖాయమవుతుంది.

ప్రశ్న వేయడంలో తెలుగువాళ్లు ఎక్కువగా జారిపడే చోట్లు రెండున్నాయి. మొదటిది జంట ప్రశ్న. ‘సార్, పాత వెండర్‌తోనే వెళ్దామా, కొత్తవాళ్లని చూద్దామా?’ అని పంపితే డైరెక్టర్ నుంచి ‘సరే’ అని వస్తుంది. దేనికి సరే? మేనేజర్ తనకు నచ్చినట్టు అర్థం చేసుకుని ముందుకెళ్తాడు. నెల తర్వాత గొడవ మొదలవుతుంది. రెండోది వ్యతిరేక ప్రశ్న. ‘మీకు అభ్యంతరం లేదు కదా సార్?’ అంటే, ‘లేదు’ అన్నా ఒప్పుకున్నట్టే, ‘అవును’ అన్నా ఒప్పుకున్నట్టే అనిపిస్తుంది. నిజంగా అభ్యంతరం ఉన్న మనిషి ఏం రాయాలో అందులో లేదు. పంపే ముందు ఒక చిన్న పరీక్ష ఉంది. మెయిల్ కింద ‘సరే’ అని మనమే రాసి చదవాలి, తర్వాత ‘వద్దు’ అని రాసి చదవాలి. రెండు సార్లూ రేపు పొద్దున ఏం చేయాలో అనుమానం లేకుండా తెలిస్తే పంపొచ్చు.

ఒకేసారి మూడు నాలుగు ఆమోదాలు కావాల్సి వస్తే వాటికి నంబర్లు వేయాలి. ‘1, 2 సరే. 3 మాట్లాడదాం’ అని లిఫ్టులో నిలబడి కూడా జవాబివ్వొచ్చు. నంబర్లు లేకపోతే అందులో కష్టమైన ఒక్కదాని కోసం తేలికైన మూడూ ఆగిపోతాయి. అయితే పెద్ద మొత్తం, వివాదం ఉన్న విషయం ఈ గుంపులో కలపకూడదు. దానికి విడి మెయిలే పంపాలి.

ఇక రిమైండర్ సంగతి. పైన ఉన్న మెయిల్ చూడమని చెప్పే రిమైండర్ చదివేవాడిని మళ్లీ కిందికి తవ్వుకుంటూ పొమ్మంటుంది. రెండోసారి పంపేటప్పుడు మొదటి వాక్యాన్ని యథాతథంగా మళ్లీ రాయాలి. దానికి కొత్త సంగతి ఏదైనా ఉంటే చేర్చాలి. మన మేనేజర్ 23వ తేదీన ఇలా పంపొచ్చు: ‘సార్, కోల్డ్ రూమ్ ఏఎంసీ, రూ.18,14,400, ఇప్పటి సంస్థకే ఇవ్వడానికి మీ ఆమోదం ఎల్లుండిలోగా కావాలి. స్టాంప్ పేపర్ సిద్ధంగా ఉంది. మీ ఆమోదం వచ్చిన రోజే అగ్రిమెంట్ సంతకానికి పంపుతాను. ఆమోదం / వద్దు / మాట్లాడదాం?’ ఇందులో నిష్ఠూరం లేదు. ‘ఇది మూడోసారి గుర్తు చేయడం’ అన్న లెక్కా లేదు. అలాంటి లెక్కలు చదివిన పైవాడికి పని కంటే మాట పడ్డ బాధే మిగులుతుంది.

రెండోసారికీ జవాబు రాకపోతే మూడో మెయిల్ కంటే పీఏని కలవడం మేలు. అక్కడ కూడా ‘సార్‌కి గుర్తు చేయండి’ అని చెప్పి రావడం కాదు. ఆ నాలుగు లైన్లూ ఒక కాగితం మీద తీసి ఇవ్వాలి. కారెక్కబోతున్న అధికారి చేతిలో పీఏ పెట్టగలిగేది ఆ ఒక్క కాగితమే.

ఆమోదం వేరు, సంతకం వేరు. మెయిల్లో ‘ఆమోదం’ అని రాసినంత మాత్రాన అగ్రిమెంట్ మీద సంతకం పడినట్టు కాదు. చాలామంది ఈ రెంటినీ ఒకే మెయిల్లో అడిగి, రెంటినీ పోగొట్టుకుంటారు. సంతకం అడిగే మెయిల్లో నిర్ణయం గురించి మళ్లీ వాదించకూడదు. ‘మీరు 24న ఆమోదించిన ఏఎంసీ అగ్రిమెంట్ ఇది. 4వ పేజీలో ఒకటి, 9వ పేజీలో ఒకటి, మొత్తం రెండు సంతకాలు. మీరు ఆమోదించాక ఇందులో ఒక్క మాట కూడా మారలేదు’ అని ఉండాలి. ఆ చివరి మాట ఎంతో అవసరం. సంతకం పెట్టే మనిషికి ఉండే భయమే అది. ఒకవేళ ఏదైనా మారి ఉంటే ఎక్కడ మారిందో ఒక వాక్యంలో చెప్పి, పాత పాఠాన్నీ కొత్త పాఠాన్నీ పక్కపక్కన చూపాలి. కాగితం మీద అయితే సంతకం చోట రంగు చీటీ అంటించి, పేరు, హోదా, తేదీ ముందే అచ్చు వేసి పంపాలి. సమాచార సాంకేతిక చట్టం 2000 ప్రకారం డిజిటల్ సంతకాలు చెల్లుతాయి కాబట్టి చాలా ఒప్పందాలకు లింకు పంపితే సరిపోతుంది. వీలునామా లాంటి కొన్ని పత్రాలకు మాత్రం ఆ చట్టం వర్తించదు. ఏ పత్రానికి ఏది చెల్లుతుందో లీగల్‌ని అడిగి తేల్చుకున్నాకే పైకి పంపాలి. సంతకం పెట్టాక ‘ఇది చెల్లదట, ఇంకోసారి పెట్టండి సార్’ అని వెళ్లడం ఎవరికైనా కష్టమే.

ఒక్క లైన్ జవాబుతో నడపకూడని పనులూ ఉన్నాయి. కంపెనీ బోర్డు తీర్మానాలు అందులో ఒకటి. కంపెనీల చట్టం 2013లోని 175వ సెక్షన్ ప్రకారం బోర్డు సమావేశం జరపకుండానే తీర్మానం ముసాయిదాను డైరెక్టర్లకు పంపి ఆమోదం పొందొచ్చు. కానీ ముసాయిదాతోపాటు అవసరమైన కాగితాలన్నీ డైరెక్టర్లందరికీ వెళ్లాలి. మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు మందికి తక్కువ కాకుండా అడిగితే దాన్ని సమావేశంలోనే తేల్చాలి. ఈ విషయంలో కంపెనీ సెక్రటరీల సంస్థ ఇచ్చిన ప్రమాణాలు చూస్తే, పంపే నోట్‌లో ప్రతిపాదన వివరాలతోపాటు డైరెక్టర్ తన సమ్మతినో అసమ్మతినో ఎలా తెలపాలో కూడా రాయమంటాయి. జవాబుకు ఏడు రోజులకు మించి గడువు ఇవ్వొద్దంటాయి. మంచి ఆమోద మెయిల్‌కి కావాల్సిన దినుసులే అక్కడ నియమాలుగా ఉన్నాయి.

రెండో హద్దు డబ్బుకు సంబంధించింది. వెండర్ బ్యాంకు ఖాతా మారిందనీ, ఈ రోజే కొత్త ఖాతాకు చెల్లించాలనీ, ‘ఓకే’ అంటే చాలనీ వచ్చే మెయిళ్లు మోసగాళ్ల పాత ఎత్తు. పెద్దాయన పేరుతోనో, వెండర్ పేరుతోనో, అసలు చిరునామాలో ఒక్క అక్షరం మార్చి పంపుతారు. తొందరా, ఒక్క లైన్ జవాబూ వాళ్లకి కూడా అనుకూలమే. ఖాతా మార్పు అన్న మాట వస్తే ఆ మెయిల్‌కి జవాబివ్వకుండా, ముందునుంచీ తమ దగ్గరున్న నంబర్‌కి ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి.

‘శుక్రవారంలోగా మీ నుంచి జవాబు రాకపోతే ఆమోదించినట్టుగా భావిస్తాం’ అన్న వాక్యం మరీ జాగ్రత్తగా వాడాల్సింది. మీటింగ్ తేదీ మార్చడం, పోస్టర్ రంగు ఖరారు చేయడం లాంటి వాటికి, అదీ పైవాడు ఆ పద్ధతికి ముందే ఒప్పుకుని ఉంటే, ఇది పనికొస్తుంది. డబ్బు, ఒప్పందం, ఉద్యోగుల విషయాల్లో మౌనాన్ని అంగీకారంగా రాసుకుంటే అధికారం లేకుండా ఖర్చు పెట్టినట్టే లెక్క. రూ.10 లక్షల వరకే అధికారం ఉన్న మేనేజర్ రూ.18 లక్షల ఏఎంసీకి డైరెక్టర్ మౌనాన్ని చూపిస్తే ఆడిట్‌లో అది నిలబడదు. వాట్సాప్‌లో వచ్చిన బొటనవేలి గుర్తుతో కూడా అదే ఇబ్బంది. అది దేనికి పెట్టారో చెప్పలేం, తర్వాత తీసేయనూ వచ్చు. వాట్సాప్‌లో ఒప్పుకున్న వెంటనే ‘మీరు ఇప్పుడు చెప్పిన ప్రకారం’ అని పూర్తి వాక్యంతో మెయిల్ పంపి, దానికి ఒక్క మాట జవాబు తీసుకోవాలి.

ఇందులో పైవాళ్ల వంతు కూడా ఉంది. కిందివాళ్లు ఎలా అడిగితే తమకు సులువో వాళ్లు సాధారణంగా చెప్పరు. చెప్పడానికి పెద్ద సర్క్యులర్ అక్కర్లేదు. తమకు నచ్చినట్టు వచ్చిన ఒక మెయిల్‌ని టీమ్ అందరికీ పంపి, ‘ఇకమీదట ఇలా అడగండి, అదే రోజు జవాబిస్తాను’ అని రాసి, ఆ మాట నిలబెట్టుకోవాలి. ‘వద్దు’ అనాల్సి వచ్చినప్పుడు నాన్చకుండా ‘వద్దు’ అనే రాయాలి. ఎదురుచూస్తున్న మేనేజర్ ఆ రోజే ఇంకో వెండర్‌తో మాట్లాడుకుంటాడు.